సంతకం మీది, హక్కులు మావి

బీమా కంపెనీ ఉత్తరంలో ఉన్నంత మర్యాద ఈ కాలంలో కొత్తల్లుడికి కూడా దొరకదు. "తమ క్లెయిమును సానుభూతితో పరిశీలించి రూ. 2,70,000 మంజూరు చేశామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. జతపరచిన డిశ్చార్జి ఓచరుపై సంతకం చేసి పంపితే సొమ్ము తమ ఖాతాలో జమ చేయగలము." కాలిపోయింది మన అంగడి, సంతోషం వాళ్లది. సంతోషంలో కూడా ఒక్క పైసా తేడా రాకుండా లెక్క కట్టి పంపుతారు.

లెక్క అన్నాం కాబట్టి ఆ లెక్కేదో చూద్దాం. వాల్మీకిపురంలో, అంటే మన నోటికి అలవాటైన వాయల్పాడులో, ఒక కిరాణా అంగడి ఉందనుకోండి. ఆరు లక్షలకు అగ్ని బీమా ఉంది. ఒక రాత్రి వైరింగు కాలి సరుకు తగలబడింది. పోయిన సరుకు 4 లక్షలు. సగం కాలిన పప్పు బస్తాలు, మసిబారిన సబ్బుల పెట్టెలు అమ్మితే 40 వేలు వస్తాయన్నారు, తీసేశారు. అందులో తగాదా లేదు. మిగిలింది 3,60,000. పాలసీలో ఉండే చిల్లర మినహాయింపులు పక్కన పెడదాం. మరి 3,60,000 కాస్తా 2,70,000 ఎలా అయింది?

ఇక్కడే సర్వేయరు గారి పెన్ను పనిచేసింది. అంగట్లో ఉన్న మొత్తం సరుకు విలువ కంటే తక్కువకు బీమా చేయించుకుంటే, ఎంత తక్కువో ఆ మేరకు నష్టంలో కూడా కోత పెడతారు. యావరేజి క్లాజు అంటారు దాన్ని. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో ఒక ఊరట ఉంది. తక్కువ చేసింది 15 శాతం లోపు ఉంటే ఆ కోత పెట్టరాదు. మన అంగడాయన లెక్క ప్రకారం ఆ రాత్రి లోపలున్న సరుకు 7 లక్షలు. ఆరు లక్షలకు బీమా ఉంది కాబట్టి లోటు 14 శాతం పైచిలుకు, కోత లేదు. సర్వేయరు మాత్రం సరుకు 8 లక్షలన్నాడు. అప్పుడు లోటు 25 శాతం. నాలుగో వంతు, 90 వేలు, అక్కడికక్కడే ఎగిరిపోయింది.

ఆ అదనపు లక్ష ఎక్కడిది? చుట్టుపక్కల పల్లెల్లోని చిల్లర అంగళ్లకు అప్పు మీద తోలేసిన సరుకది. మంటల వేళకు అంగట్లో లేదు, ఎవరి వంటింట్లోనో ఉడికిపోయి ఉంటుంది. కొన్న బిల్లులు కంప్యూటర్లో ఉన్నాయి, అమ్మిన సంగతి అట్ట పుస్తకంలో ఉంది. సర్వేయరు కంప్యూటరును నమ్మాడు, అట్ట పుస్తకాన్ని నమ్మలేదు. ఆ విధంగా లేని సరుకుకు కూడా బీమా చేయించుకోలేదన్న నేరం అంగడాయన మీద పడింది. ఇందులో న్యాయం ఎవరివైపు ఉందన్నది తర్వాతి సంగతి. ఇది వాదించదగిన తగాదా అన్నది మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలి. వాదన మొదలవకముందే దానికి సమాధి కట్టడానికి వచ్చిన కాగితం పేరే డిశ్చార్జి ఓచరు.

ఓచరు నిండా ఇంగ్లీషే. తెలుగులో చెప్పుకుంటే ఇదీ సారాంశం: "పై సొమ్మును నా క్లెయిముకు పూర్తి, తుది పరిష్కారంగా ఇష్టపూర్వకంగా పుచ్చుకున్నాను. ఇకమీదట ఈ నష్టం విషయంలో కంపెనీని ఏమీ అడగను." కింద సంతకానికి గీత, దాని పక్కన రూపాయి రెవెన్యూ స్టాంపుకు గడి. 5 వేలు దాటిన రసీదుకు ఆ స్టాంపు చట్టప్రకారం కావాలి, తప్పు పట్టలేం. తొంభై వేలు పూడ్చడానికి రూపాయి ఖర్చంటే చవక బేరమే. తేదీ గడి మాత్రం చాలాసార్లు ఖాళీగా ఉంచమంటారు. పుచ్చుకున్నాను అని రాసిన రోజుకు ఇంకా ఒక్క పైసా పుచ్చుకోలేదు కదా, తేదీ ఉంటే ఆ అబద్ధం కాగితం మీదే కనిపిస్తుంది.

ఇప్పుడు కంపెనీవారి ఉత్తరం అడుగున సన్నక్షరాల్లో ఉన్న వాక్యం చదవండి. ఈ లేఖ మా హక్కులకు భంగం లేకుండా జారీ చేయడమైనది, అని. సర్వేయరు నివేదికలోనూ అదే వరస. అంటే ఇచ్చేవాడి హక్కులన్నీ ఇచ్చాక కూడా చెక్కుచెదరవు, పుచ్చుకునేవాడివి మాత్రం పుచ్చుకోకముందే పోవాలి.

ఈలోగా ఏజెంటు వస్తాడు. "పెట్టేయ్‌నా సంతకం, ఊరికే ఫార్మాలిటీ. పెట్టకపోతే ఫైలు మళ్లీ పైకి పోతుంది, ఎప్పుడొస్తుందో నాకే తెలీదు." అంగడాయనకు మదనపల్లె హోల్‌సేల్ వ్యాపారి రోజూ ఫోన్ చేస్తున్నాడు. బ్యాంకు వాయిదా దాటింది. పుంగనూరులో కూతురి కాలేజీ ఫీజు కట్టాలి. ఆయన సంతకం పెడతాడు. మీరైనా పెడతారు, నేనైనా పెడతాను. ఇష్టపూర్వకంగా అన్న మాట ఆ కాగితంలో ఉంది, ఆ గదిలో లేదు.

అంగట్లో ఫార్మాలిటీ అన్న అదే కాగితం, రేపు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కగానే మహా శాసనం అవుతుంది. "అయ్యా, ఫిర్యాదుదారు పూర్తి, తుది పరిష్కారంగా ఒప్పుకుని సంతకం చేశారు. ఈ కేసే చెల్లదు" అని కంపెనీ వకీలు మొదటి వాయిదాలోనే ఓచరు నకలు పైకెత్తి చూపిస్తాడు. సంతకం పెట్టించేటప్పుడు దానికి విలువ లేదన్నదీ వాళ్లే, పెట్టాక దాన్ని మించిన విలువ లేదన్నదీ వాళ్లే.

కంపెనీలకు తెలిసీ మనకు చెప్పని సంగతి ఇది: ఆ శాసనం అంత గట్టిది కాదు. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఓచరు మీద సంతకం పెట్టినంత మాత్రాన వినియోగదారుడి నోరు మూతపడదు. మోసం వల్లో, తప్పుడు మాటల వల్లో, ఒత్తిడి వల్లో ఆ సంతకం తీసుకున్నారని చూపిస్తే కమిషన్ న్యాయం చేయవచ్చు. నేషనల్ ఇన్సూరెన్స్, బొఘారా పాలీఫ్యాబ్ కేసులో 2008లో ఇంకాస్త ముందుకెళ్లి, డబ్బివ్వకముందే తేదీ లేని రసీదులు రాయించుకునే అలవాటునే తప్పుపట్టింది.

ఆ తర్వాత 2015 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. కంపెనీ తాను బాకీ ఉన్నానని ఒప్పుకున్న సొమ్మును ఓచరు సాకుతో ఆపరాదు, ఓచరు మీద సంతకం చేసినా ఎక్కువ పరిహారం కోసం కోర్టుకో మరో వేదికకో వెళ్లే హక్కు పాలసీదారుకు పోదు అన్నది దాని సారం. ఆ సంస్థ కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడి నుంచి ఆ సర్క్యులర్ దేశంలోని ప్రతి బీమా కంపెనీకీ చేరింది. బ్రాంచి ఆఫీసులో సంతకం చేయించే బల్ల దగ్గరికి మాత్రం, దారిలో ఏ వంతెన కూలిందో, ఇంకా రాలేదు.

ఇంతవరకు చదివి, అయితే ఎలా పెట్టినా పర్వాలేదులే అని కళ్లు మూసుకుని సంతకం పెట్టేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒత్తిడి చేశారు అన్న ఒక్క మాట చాలదు. న్యూ ఇండియా అష్యూరెన్స్, జీనస్ పవర్ కేసులో 2014లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. సంతకం చేసి సొమ్ము తీసుకుని, మూడు వారాలు మౌనంగా ఉండి, తర్వాత బలవంతం అంటే నమ్మలేదు. ఎవరు, ఎప్పుడు, ఏమని ఒత్తిడి చేశారో వివరం ఉండాలి, దానికి ఆధారమూ ఉండాలి. సంతకం పెట్టిన రోజున తృప్తిగానే ఉండి, పక్కింటి అంగడికి ఎక్కువొచ్చిందని విన్నాక మొదలైన బాధకు ఏ కోర్టులోనూ మందు లేదు. అది కంపెనీ తప్పు కూడా కాదు, అసూయ.

కాబట్టి మన అంగడాయన చేయాల్సిన పని సంతకం మానేయడం కాదు. డబ్బు తీసుకోవాలి, అది ఆయనదే. ఓచరు మీద, సంతకానికి పైన, తన చేతి రాతతో, తెలుగులోనైనా సరే, ఇలా రాయాలి: "రూ. 2,70,000 అభ్యంతరంతో, పాక్షిక చెల్లింపుగా తీసుకుంటున్నాను. కోసిన రూ. 90,000 అడిగే హక్కు నాకుంది." కింద తేదీ వేయాలి. ఖాళీ గడి ఏదీ వదలకూడదు. మొత్తం కాగితం ఫోటో తీసుకోవాలి. అదే రోజు కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిలు గానీ, రసీదుతో రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపాలి. అందులో సరుకు 7 లక్షలే అని, ఆ లక్ష సరుకు ఏ ఏ తేదీల్లో ఎవరికి తోలారో రాసి, అట్ట పుస్తకం పుటల నకళ్లు పెట్టాలి. సర్వేయరు నివేదిక ప్రతి ఇమ్మని కూడా అందులోనే అడగాలి. దాన్ని చూడకుండా తొంభై వేల గురించి చేసే వాదనంతా చీకట్లో కర్ర తిప్పడమే.

అభ్యంతరం రాసిన ఓచరు మాకొద్దు, శుభ్రమైనది తెండి అంటారా? అంటారు, శుభ్రత మీద వాళ్లకున్న శ్రద్ధ గొప్పది. అప్పుడు ఆ మాటే మెయిలులో రాయాలి. "అభ్యంతరం రాసినందుకు ఫలానా తేదీన, ఫలానా అధికారి నా ఓచరు తిప్పి పంపారు, అది లేకుండా సంతకం చేస్తేనే సొమ్ము ఇస్తామన్నారు." ఆ తర్వాత గతిలేక శుభ్రమైన ఓచరు మీద సంతకం పెట్టినా, ఒత్తిడికి సాక్ష్యం కంపెనీ మెయిలు పెట్టెలోనే పడి ఉంటుంది. ఏజెంటు ఫోన్లో చెప్పినదంతా వాట్సాప్‌లో రాయమని అడగండి. ఫోన్లో అంత ధారాళంగా మాట్లాడినవాడు రాయమనగానే ఎంత మితభాషి అవుతాడో చూడొచ్చు.

ఒక్క చోట మాత్రం ఈ ఉపాయాలేవీ పనిచేయవు. కోర్టు కేసు లోక్ అదాలత్‌కు వెళ్లి, అక్కడ రాజీ పత్రం మీద సంతకం పెడితే అది ఓచరు కాదు, కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. ఎంతకు ఒప్పుకుంటున్నామో అక్కడ పెన్ను పట్టకముందే ఆలోచించుకోవాలి.

అభ్యంతరం పంపిన నెల లోపు కంపెనీ జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కార్యాలయం కిందికే వస్తుంది. ఒక్కరే యజమానిగా ఉన్న చిన్న అంగళ్ల పాలసీలకూ ఆ తలుపు తెరిచే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. గడువు మాత్రం ఏడాదే. అది దాటితే తలుపు మూసేస్తారు, ఈసారి ఓచరు అవసరం కూడా లేకుండానే.