చట్నీ అయిపోయింది, నాయకత్వం మిగిలింది

లింక్డ్‌ఇన్‌లో ఎవరికీ ఊరికే ఆకలి వెయ్యదు. వేస్తే అందులోంచి కనీసం మూడు పాఠాలు పుట్టాలి. ఆ పాఠాలను వెక్కిరించే పేరడీలకూ ఇప్పుడు మంచి గిరాకీ. మనమూ ఒకటి కట్టి చూద్దాం.

"పొద్దున ఇడ్లీ బండి దగ్గర చట్నీ అయిపోయింది.

నేను కోప్పడలేదు.

'బాబాయ్, నీ సప్లై చెయిన్‌లో ఎక్కడో లోపముంది' అన్నాను.

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వెనక క్యూ కూడా ఏడ్చింది.

మధ్యాహ్నానికి ఆయన మా కంపెనీ ఆపరేషన్స్ హెడ్.

నాదేముంది, వెయ్యిమందిని నడిపించే ఓ మామూలు మనిషిని. ఒప్పుకుంటారా?"

వాక్యానికో పేరా పెట్టింది కవిత్వం మీద మోజుతో కాదు. ఫీడ్‌లో పోస్టు మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, తక్కినది చదవాలంటే నొక్కాలి. అందుకే "కోప్పడలేదు" దగ్గర ఆపడం. మరేం చేశాడో ఈ మహానుభావుడు అనుకుంటూ మన వేలు దానంతటదే నొక్కేస్తుంది. చివరి "ఒప్పుకుంటారా?" కామెంట్ల కోసం వేసిన గాలం. పొగిడినా తిట్టినా కామెంటు కామెంటే, పోస్టు ఇంకో నలుగురి కళ్లబడుతుంది. ఈ పనితనం పట్టుకోకుండా ఊరికే అతి చేసిన పేరడీ చప్పగా ఉంటుంది.

అసలు కిటుకు మాత్రం "మామూలు మనిషి" పక్కన కూర్చున్న ఆ వెయ్యిమందిలో ఉంది. వినయం ముసుగేసుకున్న ఈ గొప్పల మీద అమెరికా పరిశోధకులు 2018లో ఒక పత్రమే అచ్చువేశారు. నేను గొప్పోణ్ణి అని మొహం మీదే చెప్పేవాడు జనానికి కాస్తయినా నచ్చాడట. ముసుగువాడు కపటిగా కనబడి అంతకన్నా చులకనయ్యాడట. ఇంత తెలిశాక కూడా "ఈ గౌరవానికి నేను తగనేమో" అంటూ అవార్డుతో ఫొటో దిగేవాళ్లు తగ్గలేదు.

పేరడీ రాసేవాడి కష్టం వేరు. అసలు సరుకు వాడి ఊహను దాటిపోతోంది. 2022లో అమెరికాలో ఒక సీఈఓ తన ఉద్యోగులను తీసేసి, తాను ఏడుస్తున్న సెల్ఫీ పెట్టుకున్నాడు. ఉద్యోగం పోయినవాళ్ల కన్నీళ్లకు మాత్రం ఫ్రేములో చోటు దొరకలేదు. 2024లో ఇంకొకాయన ప్రియురాలికి పెళ్లి ప్రపోజల్ చేసి, అది తనకు సేల్స్ గురించి నేర్పిన పాఠాలు రాశాడు. నిజమా, వేళాకోళమా అని జనం కొట్టుకున్నారు.

అందుకే చేయి తిరిగిన పేరడీకారుడు అసాధ్యాన్ని రాయడానికైనా వెనకాడడు. ఇంటర్వ్యూకి వెళ్తూ దారిలో ఆకలిగొన్న కుక్కకు అన్నం పెట్టి ఆలస్యమైన కుర్రాడి కథ ఒకటి ఉంది, అందులో లోపలికెళ్లి చూస్తే ఇంటర్వ్యూ చేసేది ఆ కుక్కే! ఇలాంటివాటి కింద కూడా ఎవరో ఒకరు తగులుతారు: "కంగ్రాట్స్ సర్, మీ కంపెనీలో ఫ్రెషర్లకు ఓపెనింగ్స్ ఉన్నాయా?"