పసుపు మామయ్య

గిద్దలూరు బస్సులో పక్క సీటాయన దగ్గితే చాలు, మార్కాపురం వచ్చేలోపు ఆయన జేబులో మా మామయ్య రాసిచ్చిన చీటీ ఉంటుంది. అల్లం ఎంత, వెల్లుల్లి ఎన్ని రెబ్బలు, పసుపు ఎప్పుడు మింగాలి, అన్నీ అందులో ఉంటాయి. ఫీజు లేదు, వద్దంటే వదిలిందీ లేదు.

పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాసి రిటైరైన మనిషి. గుండె లయ తప్పిందని రక్తం పలచన చేసే యాసిట్రోమ్ ఇచ్చారు. షుగరుకు గ్లిమిపిరైడ్ ఉంది. ఈ బిళ్లలన్నీ తేదీలతో సహా నోట్‌బుక్కులో ఎక్కుతాయి. పరగడుపున నమిలే పచ్చి వెల్లుల్లికి, అల్లం రసానికి, కొడుకు పంపిన పసుపు క్యాప్సూల్‌కి మాత్రం ఆ పుస్తకంలో చోటు లేదు. ఎందుకంటే, "కూరలో వేసేదాన్ని మందంటావేందిరా?"

కూరలో వేసే చిటికెడైతే నిజమే, భయం లేదు. కానీ పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లే. సారం తీసి చేసిన 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో అది నూటికి 95 పాళ్ల దాకా ఉంటుంది. అంటే రోజుకొక్కటి మింగినా దాదాపు పదిహేను గ్రాముల పసుపు తిన్నట్టే. దానికి తోడు మిరియాల సారం కలుపుతారు. అది కర్క్యుమిన్ ఒంటికి పట్టడాన్ని ఇరవై రెట్లు పెంచిందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ కాలేజీ వాళ్లు చూపారు. 2018లో న్యూజిలాండ్‌లో యాసిట్రోమ్ కోవకే చెందిన వార్ఫరిన్ వాడే ఒకరికి, పసుపు ఉత్పత్తి మొదలుపెట్టాక, రక్తం ఎంత పలచనైందో చెప్పే ఐఎన్‌ఆర్ పది దాటింది. మామయ్య లాంటి వాళ్లకు అది రెండు, మూడుల మధ్య ఉండాలి.

మామయ్యకు మొదట వేపపుల్లతో తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. "పుల్ల ముదిరింది" అన్నారు. మోచేతి మీద నల్లగా కమిలింది. "గడప తగిలింది" అన్నారు. పదకొండింటికి చెమటలు పట్టి చేతులు వణికితే ఎండ మీద నెట్టేశారు. అత్తయ్య ఊరుకోలేదు, చక్కెర నీళ్లు తాగించి ఆస్పత్రికి లాక్కెళ్లింది. ఐఎన్‌ఆర్ అయిదు దాటింది, షుగరు పడిపోయింది.

"ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు అడిగారు.

"ఏమీ లేదండీ!"

అత్తయ్య సంచిలోంచి పసుపు క్యాప్సూళ్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఇదొక్కటే కారణమని తేల్చి చెప్పలేమని, కొత్తగా చేరింది మాత్రం ఇదేనని డాక్టరు అన్నారు. యాసిట్రోమ్ తాత్కాలికంగా ఆపి, క్యాప్సూల్, పచ్చి వెల్లుల్లి, అల్లం రసం మాన్పించి, మళ్లీ పరీక్ష చేశారు. అంకె దారికొచ్చింది.

మామయ్య మాత్రం దారికి రాలేదు. ఇప్పుడు బస్సులో కొత్త ఉపన్యాసం: "నా మాట విను, పసుపుతో జాగ్రత్త!" ఆ ఒక్క చీటీ మాత్రం తీసుకోండి. రక్తం పలచన చేసే బిళ్ల గానీ షుగరు బిళ్ల గానీ వాడుతుంటే, మింగే పొడులూ రసాలూ కూడా డాక్టరుకు చెప్పండి. చిగుళ్ల నుంచి నెత్తురు కారినా మలం నల్లగా వచ్చినా ఆ రోజే వెళ్లండి. బిళ్లను మాత్రం మీరుగా ఆపకండి.