12 ఓట్లతో గెలిచిన ‘ఏదైనా ఓకే’

మా 1996 పదో తరగతి బ్యాచి ఆత్మీయ సమ్మేళనం ఏ రోజు పెట్టుకోవాలన్న ఎన్నికలో ‘ఏదైనా ఓకే’ అనే అభ్యర్థి 12 ఓట్లతో గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న జనవరి 18 ఆదివారానికి 10 వచ్చాయి. 11 ఆదివారానికి 9, 16 శుక్రవారానికి 8, అట్టడుగున 17 శనివారానికి 7. వాట్సాప్ గ్రూపులో ఉన్నది 58 మంది. ఓటేసింది 46 మంది. మిగిలిన 12 మందీ ‘గుడ్ మార్నింగ్’ బొమ్మలు పెట్టడంలో తీరిక లేక ఓటు వెయ్యలేకపోయారు.

గెలిచిన అభ్యర్థి పంచాంగంలో ఎక్కడా కనబడడు. వేంకటరామా వారి గోడ క్యాలెండరు పన్నెండు నెలలూ తిరగేసినా ‘ఏదైనా ఓకే’ అనే వారం దొరకదు. అయినా మా కన్వీనరు ఫలితం చూసి ‘అద్భుతమైన స్పందన’ అని రెండు దండాలు, మూడు పూలగుత్తులు పెట్టాడు. నాలుగు తేదీల కింద ఐదోదిగా దాన్ని చేర్చింది వాడే. ఎవరి మనసూ నొప్పించకూడదని చేర్చాడట. పెళ్లిచూపుల్లో ‘ఎవరైనా పర్లేదు’ అన్న కుర్రాడికి పిల్లనిచ్చేవాడు ఎవడు?

ఆ పోలు 2025 విజయదశమి నాడు మొదలైంది. అక్టోబరు 2. ఒక్కరు ఒక్క తేదీకే ఓటెయ్యాలని మావాడి ఏర్పాటు. కింద ‘ఒకటి కంటే ఎక్కువ సమాధానాలు’ అనే మీటని వాడే ఆపేశాడు, దాన్ని కదపకుండా ఉంచితే లోకం మారిపోయేదని వాడికి తెలియదు. అందరినీ వాడడిగిన ప్రశ్న ‘నీకు ఏ రోజు ఇష్టం?’ అడగాల్సింది ‘నువ్వు ఏయే రోజుల్లో రాగలవు?’ ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో తర్వాత చెప్తాను. ముందు ఆ నెల్లాళ్ల భాగోతం చూడండి.

11 అనగానే హైదరాబాదు వాళ్లు లేచారు, ‘మేం పండక్కి దిగేదే 13న కదా’ అని. 16 అనగానే పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు లేచారు. ఆ రోజు కనుమ. కనుమనాడు కాకైనా కదలదు కదా, మనం ఎలా కదులుతాం? కాకి కదలకపోయినా మావాళ్లలో ఓ ఎనిమిదిమంది కదుల్తారు, కాకపోతే బరి దగ్గరికి. ఆ 8 ఓట్లూ వాళ్లవే. బడి పక్క తోటలో కోడిపందెం, మధ్యాహ్నం బళ్లో ఆత్మీయత, రెండూ ఒకే పెట్రోలు ఖర్చుతో అయిపోతాయని లెక్క. అప్పటిదాకా నోరు మెదపని మా క్లాసు అమ్మాయి ఒకావిడ (నలభై ఆరేళ్లొచ్చినా గ్రూపులో వాళ్లు అమ్మాయిలే) ఒక్క వాక్యం రాసింది. ‘కనుమనాడు మా ఇళ్లల్లో గారెలు ఎవరు వేస్తారండీ, మీ కన్వీనరుగారా?’ దానికి జవాబుగా ఎవరో బొటనవేలు పెట్టారు. దేనికి ఒప్పుకున్నట్టో వాళ్లకే తెలియాలి.

18న అమావాస్య. అదీ మామూలు అమావాస్య కాదు, చొల్లంగి అమావాస్య. కాకినాడ పక్కవాళ్లకి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంతలో ఒక పండితుడు ఊడిపడి, జనవరి నెల మొత్తం శుక్రమూఢమనీ, పైగా పుష్యం శూన్యమాసమనీ ప్రకటించాడు. ఒరేయ్, మనం పెళ్లి చేసుకోవట్లేదురా, ఓ పూట భోంచేస్తున్నాం, అని నేను రాస్తే, ‘సనాతన ధర్మాన్ని కించపరచొద్దు’ అని హెచ్చరిక వచ్చింది. డల్లాస్‌లో ఉన్నవాడు మాత్రం ‘నా టికెట్లు చూసుకుని చెప్తా, అప్పటిదాకా ఆగండి’ అని గ్రూపు మొత్తాన్నీ మూడు వారాలు గాలిలో నిలబెట్టాడు. చివరికి వాడు రానేలేదు.

వాట్సాప్ పోలుకి ఇంకో గుణం ఉంది. ఎవరు దేనికి వేశారో పేర్లతో సహా అందరికీ కనిపిస్తుంది, వేసిన ఓటు ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. దాంతో మా భోజనాల ఖర్చు భరిస్తానన్న కాంట్రాక్టరు మిత్రుడు 18కి వేసిన పది నిమిషాల్లో 11 నుంచి ముగ్గురు గోడ దూకారు. ఫిరాయింపుల నిరోధక చట్టం మన గ్రూపులకి ఇంకా వర్తించదు.

కార్తీక పౌర్ణమి వచ్చింది, వెళ్లింది. తేదీ తేలలేదు. అప్పుడు మా లెక్కల మాస్టారికి కబురు వెళ్లింది. సన్మానం ఆయనకే కాబట్టి ఆయన్ని అడగాలని నెల తర్వాత తట్టింది కమిటీకి. ‘18న నేను చొల్లంగి స్నానానికి పోవాల్రా, నలభై ఏళ్లుగా మానలేదు’ అన్నారాయన ఒక్క ముక్కలో. అంటే రెండో స్థానంలో ఉన్న తేదీ అసలు పోటీకే పనికిరాదు. దానికోసం మేం 10 మంది చేత ఓట్లు వేయించాం, ముగ్గురి చేత ఫిరాయింపు చేయించాం, ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఎవరు లేకపోతే సభ జరగదో వాళ్లని పోలు పెట్టకముందే ఫోన్లో అడగాలి. మా విషయంలో వాళ్లు ముగ్గురే. మాస్టారు, బడి తాళాలున్న ఇప్పటి హెడ్మాస్టరు, వంటాయన. ఈ ముగ్గురికీ కుదిరిన తేదీలే ఓటుకి పెట్టాలి. గెలిచినా ఒప్పుకోలేని తేదీని బరిలోకి దింపడమంటే కత్తి కట్టకుండా కోడిని వదలడమే.

వంటాయన 16న రానన్నాడు, ఆయనకీ ఇల్లుందట. హెడ్మాస్టరు 11న తాళాలివ్వనన్నారు. లెక్క ప్రకారం మిగిలింది 17 ఒక్కటే. కానీ నెల్లాళ్లు కొట్టుకున్న జనానికి, అందులోనూ చివరి స్థానంలో ఉన్న తేదీని, ‘ఇదే’ అని పడేస్తే బతకనివ్వరు. అందుకని మాస్టారే కన్వీనరుని పిలిచి ఫోను లాక్కుని (నిజంగానే లాక్కున్నారు, చేతిలో బెత్తం ఒక్కటే లేదు) రెండో పోలు రాయించారు. ‘కింది తేదీల్లో మీరు రాగలిగినవన్నీ నొక్కండి. ఇష్టాయిష్టాలు వద్దు. మాస్టారు, బడి, వంట కుదిరిన తేదీల్లో ఎక్కువమంది రాగలిగినదే ఖాయం. నవంబరు 16 ఆదివారం రాత్రి 9కి లెక్క కట్టేస్తాం. తర్వాత మార్పు లేదు.’ నాలుగు తేదీలూ పెట్టారు గానీ ‘ఏదైనా ఓకే’ని తీసేశారు.

ఆ నవంబరు 16 పంచాంగం చూసి పెట్టింది కాదు, రైల్వే వాళ్లని చూసి పెట్టింది. ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాదు, ప్రయాణం రోజు వదిలేసి 60 రోజులే. జనవరి 17 రాత్రి బండికి టికెట్లు నవంబరు 18 ఉదయం 8కి తెరుచుకుంటాయి, 18 రాత్రి బండికి నవంబరు 19న. పండక్కి రావడం ఎలాగూ వస్తారు. మన తేదీ మీద ఆధారపడేది తిరుగు టికెట్టు ఒక్కటే. సంక్రాంతి తిరుగు టికెట్లంటే తెరిచిన కాసేపట్లో వెయిటింగు లిస్టు. కాబట్టి తేదీ నవంబరు 17న తెలిస్తే పనికొస్తుంది, 20న తెలిస్తే అది ఆహ్వానం కాదు, వెక్కిరింత. అన్నిటికంటే ముందుగా చేతులు దాటిపోయేది ఏదో చూసుకుని, మధ్యలో ఓ రోజు మిగిలేలా ఓటింగు మూసెయ్యాలి. మా కన్వీనరు అసలు గడువే పెట్టలేదు. ‘అందరూ వేశాక చూద్దాం’ అన్నాడు. అందరూ అనేవాళ్లు ఇంతవరకూ ఏ గ్రూపులోనూ ఓటు వెయ్యలేదు.

రెండో పోలులో ఆ 46 మందే మళ్లీ ఓటేశారు. 17కి 35, 18కి 29, 11కి 24, 16కి 21. మొదటిసారి అట్టడుగున ఉన్న శనివారం మొదటికొచ్చింది. మాయా మంత్రం ఏమీ లేదు. 17 ఎవరికీ ముద్దుల తేదీ కాదు గానీ చాలామందికి కుదిరే తేదీ. ముక్కనుమ కాబట్టి ఇంటి పండగ అయిపోయింది, ముక్కకి అడ్డం లేదు, మర్నాడు ఆదివారం ప్రయాణానికి ఖాళీ. ఒక్కటే ఎంచుకోమంటే ఇలాంటి తేదీ ఎప్పుడూ ఓడిపోతుంది. వీలైనవన్నీ నొక్కించే ఈ పద్ధతిని స్టీవెన్ బ్రామ్స్, పీటర్ ఫిష్‌బర్న్ అనే ఇద్దరు 1978లో శాస్త్రంగా రాసిపెట్టారు. ఎన్నికల పెద్దలు దాని మీద ఇంకా వాదించుకుంటున్నారనుకోండి, భోజనాల తేదీకి మాత్రం అది చాలు.

అందులోనూ ఓ చిన్న కిటుకుంది. వెనకటి ‘ఏదైనా ఓకే’ పన్నెండుమందీ ఈసారి నాలుగు తేదీలూ నొక్కేశారు. అన్ని తేదీలకీ తలా 12 కలిశాయి. అంటే ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, ఆ పన్నెండూ తీసేసినా వరస అదే. ఉదారంగా కనబడాలని అన్నీ నొక్కినవాడు తేదీ విషయంలో ఓటు వెయ్యనివాడితో సమానం.

ఇక ప్రకటన. కన్వీనరు రాసిన చిత్తుప్రతి నా దగ్గర ఇప్పటికీ ఉంది. ‘అనేక తర్జనభర్జనల అనంతరం, కొందరు మిత్రుల మొండిపట్టు వల్ల జరిగిన జాప్యానికి చింతిస్తూ, 11 మంది రాలేమని చెప్పినప్పటికీ, మెజారిటీ అభిప్రాయాన్ని శిరసావహించి, టెంటేటివ్‌గా 17వ తేదీని దాదాపు ఖరారు చేయడమైనది.’ ఒక్క వాక్యంలో ఓడినవాళ్లని తిట్టాడు, వాళ్ల లెక్క బయటపెట్టాడు, ఆ పైన ‘టెంటేటివ్’, ‘దాదాపు’ అని రెండు తలుపులు తెరిచి మళ్లీ గొడవకి రమ్మన్నాడు. తేదీ మాత్రం వాక్యం చివర, తద్దినం భోజనంలో పెరుగన్నంలా వచ్చింది.

మాస్టారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు. ముందు ఆ 17న రాలేనన్న 11 మందికీ ఒక్కొక్కరికి ఫోను చెయ్యమన్నారు. ‘ఒరేయ్, 17 అయింది, నీకు కుదరదని తెలుసు, అందరికంటే ముందు నీకే చెప్తున్నాను’ అనమన్నారు. నవంబరు 16 రాత్రి తొమ్మిదింపావు నుంచి పదిన్నర దాకా ఫోన్లు నడిచాయి. విచిత్రం, అందులో ఇద్దరు ‘పోన్లే, టికెట్టు మార్చుకుంటాను’ అన్నారు. కావాలని ఎవరూ బతిమాలలేదు. అదే మాట గ్రూపులో అందరితో పాటు చదివి ఉంటే ఆ ఇద్దరే గ్రూపు వదిలి వెళ్లిపోయి ఉండేవాళ్లు.

పదిన్నరకి గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి ఇది పెట్టారు:

‘జనవరి 17 శనివారం, ఉదయం పదిన్నరకి, మన బళ్లో. మాస్టారికి, బడికి, వంటకి కుదిరిన తేదీల్లో ఎక్కువమంది రాగలిగింది ఇదే. తిరుగు టికెట్లు మంగళవారం ఉదయం 8కి తెరుస్తారు. రాలేనివాళ్లు ఒంటిగంటకి వీడియోలో కలవొచ్చు. ఓటేసిన అందరికీ కృతజ్ఞతలు.’

తేదీ మొదట, కారణం ఒక్క వాక్యం, అదీ ముందే చెప్పిన షరతే. ఎవరి పేరూ లేదు, ఎవరి ఓట్ల లెక్కా లేదు, క్షమాపణ లేదు, పూలగుత్తి లేదు. ఉదయం పదిన్నరే ఎందుకంటే శనివారం రాహుకాలం అప్పటికి అయిపోతుంది. మన పండితుడికి అంతమాత్రం మర్యాద చెయ్యొచ్చు, ఖర్చేమీ లేదు కదా. మర్నాడు గ్రూపు తెరిచాక నలుగురు ‘సరే’ అన్నారు, కాంట్రాక్టరు ‘భోజనాలు నావే’ అన్నాడు. అంతే. నెల్లాళ్ల గొడవకి ఒక రాత్రి సరిపోయింది.

17న 33 మంది వచ్చారు. ముక్కనుమ భోజనం అయ్యాక మాస్టారు ఆ మొదటి పోలు కాగితం జేబులోంచి తీశారు. ఎవరో ప్రింటు తీసి ఇచ్చారట. ‘ఏదైనా ఓకే అన్నవాళ్లు లేచి నిలబడండర్రా’ అన్నారు. బెంచీల్లో ఐదుగురు లేచారు.

‘పన్నెండులో అయిదు తీసేస్తే ఎంత?’

‘ఏడండీ.’

‘ఆ ఏడుగురినీ అడిగి రండి, ఇంతకీ ఏ తేదీ ఓకేనో.’