సెల్ఫీని కార్టూన్ చేయబోయేవారు వినకూడని సలహాలు

మీ దగ్గర రెండు గుట్టలున్నాయి. ఒకదాంట్లో సెల్ఫీలు, రెండోదాంట్లో అనిమే ముఖాలు. ఈ సెల్ఫీకి ఈ బొమ్మ అని చెప్పే జత ఒక్కటీ లేదు. అయినా సెల్ఫీ ఇస్తే అదే మనిషి బొమ్మ రావాలి. బర్క్‌లీలో జున్‌-యాన్ ఝూ, టేసంగ్ పార్క్, ఫిలిప్ ఐసోలా, అలెక్సీ ఎఫ్రోస్ 2017లో సైకిల్‌గ్యాన్ పేరుతో ఇందుకొక దారి చూపించారు. వాళ్ల కోడ్ ఉచితంగా దొరుకుతుంది, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది. అందుకే దీన్ని చేసిచూసేవాళ్లు ఎక్కువ, వాళ్లకు చిట్కాలు చెప్పేవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ చిట్కాల్లో కొన్ని వినడానికి చాలా సబబుగా ఉంటాయి. వాటిని నమ్మితే వారాల పని వృథా అవుతుంది కాబట్టి ఒక్కొక్కటీ విప్పి చూపించాలనిపించింది.

"జతలు లేకపోతే జతల్లాంటివైనా కుదర్చండి"

ఎడమకు చూసే సెల్ఫీ పక్కన ఎడమకు చూసే బొమ్మ, పొట్టి జుట్టు పక్కన పొట్టి జుట్టు పెట్టి, రెండు ఫోల్డర్లలోనూ ఒకే నంబరు వేయమంటారు. రాత్రుళ్లు కూర్చుని ఈ పని చేసేవాళ్లున్నారు. దీనివల్ల నయాపైసా లాభం లేదు. `trainA` నుంచి ఒక సెల్ఫీ తీసుకున్నాక `trainB` నుంచి బొమ్మను కోడ్ కావాలనే యాదృచ్ఛికంగా లాగుతుంది. మీరు వేసిన నంబర్లను పట్టించుకోదు. `--serial_batches` పెట్టి వరసగా తీసుకొమ్మని బలవంతం చేసినా, ఆ సెల్ఫీని ఆ బొమ్మతో పోల్చే లెక్క లోపల ఎక్కడా లేదు.

మరి ఏ లెక్క ఉంది? సెల్ఫీని బొమ్మ చేసే నెట్‌వర్క్ ఒకటి, దాని పేరు `G_A`. అది గీసింది చూసి "ఇది బొమ్మల గుట్టలోంచి వచ్చిందా, తయారుచేసిందా" అని తేల్చే డిస్క్రిమినేటర్ ఒకటి. ఈ రెండే ఉంటే `G_A` సులువుగా తప్పించుకోగలదు. ఎవరి సెల్ఫీ ఇచ్చినా సంబంధం లేని ఒక చక్కని అనిమే ముఖం గీసేస్తే చాలు, డిస్క్రిమినేటర్ ఒప్పేసుకుంటుంది. ఆ దారి మూయడానికే రెండో నెట్‌వర్క్ `G_B` వస్తుంది. `G_A` గీసిన బొమ్మను తీసుకుని అది మొదటి సెల్ఫీని తిరిగి తేవాలి. తెచ్చినదానికీ అసలుదానికీ పిక్సెల్ పిక్సెల్‌కు తేడా కొలుస్తారు. అదే సైకిల్ కన్సిస్టెన్సీ లాస్. బొమ్మ నుంచి బయల్దేరి సెల్ఫీ మీదుగా మళ్లీ బొమ్మకు రావడం రెండో చక్రం. దానికీ ఇదే లెక్క. అంటే సెల్ఫీని సరిపోల్చేది మళ్లీ ఆ సెల్ఫీతోనే. జత అవసరం లేకపోవడానికి కారణం ఇదొక్కటే.

అయితే ఈ లెక్కలో ఒక సందుంది. అది తెలియకపోతే మిగతా చిట్కాలు ఎందుకు తప్పో అర్థం కాదు. `G_A` ప్రతి సెల్ఫీనీ అద్దంలోలా కుడిఎడమలు తిప్పి గీస్తుందనుకోండి. `G_B` మళ్లీ తిప్పేస్తుంది. సైకిల్ లాస్ సున్నా. తిప్పిన బొమ్మా అనిమే బొమ్మే కాబట్టి డిస్క్రిమినేటర్ కూడా అభ్యంతరం చెప్పదు. నల్లజుట్టును గోధుమ రంగుగా, గోధుమ రంగు జుట్టును నల్లగా మార్చి మళ్లీ వెనక్కి మార్చినా అంతే. నవ్వును నవ్వుగానే ఉంచమని సైకిల్ లాస్ ఎప్పుడూ చెప్పలేదు. సమాచారాన్ని పారేయొద్దని మాత్రమే చెప్పింది. మరి నవ్వు నవ్వుగా ఎందుకు మిగులుతోంది? నెట్‌వర్క్ కట్టడం వల్ల. కన్వల్యూషన్ పొరలు చుట్టుపక్కల పిక్సెళ్లనే చూస్తాయి. మధ్యలో ఉన్న తొమ్మిది రెసిడ్యువల్ బ్లాకులు వచ్చినదాన్ని అలాగే ఉంచి కొంచెం కలుపుతాయి. ఉన్నదాన్ని ఉన్నచోటే ఉంచడం వాటికి తేలిక, ఈ చెంప నుంచి ఆ చెంపకు జరపడం కష్టం. రంగుల సంగతి ఐడెంటిటీ లాస్ చూసుకుంటుంది. `G_A`కు నేరుగా ఒక బొమ్మనే ఇచ్చినప్పుడు దాన్ని ముట్టుకోకుండా తిరిగివ్వాలన్నది ఆ షరతు.

"సైకిల్ లాస్ తగ్గుతోందంటే నేర్చుకుంటోందన్నట్టే"

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచింది ఈ సలహానే.

కళ్లజోడు పెట్టుకున్న ఒకమ్మాయి సెల్ఫీ తీసుకుందాం. గుట్టలోని అనిమే ముఖాల్లో కళ్లజోళ్లు చాలా తక్కువ. `fake_B` చూస్తే పెద్ద కళ్లు, నున్నని చెంపలు. కళ్లజోడు లేదు. పక్కనే తిరిగి తెచ్చిన ఫోటో `rec_A` ఉంటుంది. అందులో కళ్లజోడు ఉంటుంది, దాని కుడి అంచు మీది మెరుపుతో సహా. స్క్రీన్ మీద చూపే సైకిల్ లాస్ 0.5 దగ్గర ఉందనుకోండి. కోడ్ దాన్ని అప్పటికే లాంబ్డా విలువ 10తో గుణించి చూపిస్తుంది కాబట్టి అసలు తేడా 0.05. పిక్సెళ్లు -1 నుంచి 1 దాకా ఉంటాయి. కనుక మనకు తెలిసిన 0-255 కొలతలో సగటు తేడా ఆరు మెట్ల చిల్లర. కంటికి దాదాపు ఆనదు. చూసినవాళ్లు పొంగిపోతారు.

కానీ బొమ్మలో లేని కళ్లజోడు `G_B`కి ఎలా తెలిసింది? చుట్టాలొస్తున్నారని సామాన్లన్నీ మంచం కిందికి తోసేసినట్టు, `G_A` ఆ వివరాలను బొమ్మలోనే జుట్టు మీదో వెనక గోడ మీదో మన కంటికి కనిపించనంత సన్నని హెచ్చుతగ్గులుగా దాచింది. `G_B` వాటిని చదవడం నేర్చుకుంది. ఇది నా ఊహ కాదు. కేసీ చూ, ఆండ్రే ఝ్మోగినోవ్, మార్క్ శాండ్లర్ 2017లోనే దీన్ని బయటపెట్టారు. విమానం నుంచి తీసిన ఫోటోలను మ్యాపులుగా మార్చే సైకిల్‌గ్యాన్‌లో, ఒక కప్పు మీది నల్లచుక్కలు మ్యాపులో ఎక్కడా కనిపించలేదు. మ్యాపు నుంచి తిరిగి తెచ్చిన ఫోటోలో మాత్రం మళ్లీ ప్రత్యక్షమయ్యాయి.

మీ దగ్గరా ఇదే జరుగుతోందేమో తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. `fake_B` బొమ్మలు ఇరవై తీసుకుని, నాణ్యత 50 దగ్గర జేపెగ్‌లుగా భద్రపరచండి. కంటికి బొమ్మ అలాగే ఉంటుంది, సన్నని హెచ్చుతగ్గులు మాత్రం చాలావరకు చెరిగిపోతాయి. ఇప్పుడు వాటిని `G_B`కి ఇవ్వండి.

```
python test.py --dataroot ./jpg_fakes --name s2a --model test --model_suffix _B --no_dropout
```

వచ్చిన ఫోటోలో మొహం అలాగే ఉండి చిన్నచిన్న వివరాలు మాత్రమే పోతే బాగున్నట్టే. కళ్లజోడు మాయమై, వెనకున్న పుస్తకాల అలమర మరకల్లా తేలితే, ఇన్నాళ్లూ మీరు చూసి సంతోషించిన అంకె దాచిపెట్టడంలోని నేర్పుకు వచ్చిన మార్కులు. అలాంటప్పుడు సైకిల్ లాస్ తగ్గుతున్నకొద్దీ ఆ నేర్పే పెరుగుతుంది. ట్రెయినింగ్‌లో `fake_B`ని `G_B`కి పంపేముందు కాస్త నాయిస్ కలపడం దీనికి ఒక విరుగుడు. దాచిన గుర్తులు దారిలోనే చెరిగిపోతాయి కనుక దాచి ప్రయోజనం ఉండదు. లాస్ అంకె పెరుగుతుంది, పెరగనివ్వండి.

"పోలిక పోతోందా, లాంబ్డా పెంచండి"

లాంబ్డా అంటే సైకిల్ లాస్‌కు ఇచ్చే బరువు. పెంచితే మనిషి పోలిక నిలబడుతుందన్న మాట నిజమే. కానీ 10 నుంచి 50కి తీసుకెళ్లి చూడండి. సెల్ఫీని తిరిగి తేవడానికి అన్నిటికంటే నిక్కచ్చి మార్గం సెల్ఫీని అసలు మార్చకపోవడం. అంత బరువు కింద నెట్‌వర్క్ ఆ మార్గమే పడుతుంది. రంగు కాస్త చదునవుతుంది, అంచుల్లో సన్నగా గీతలొస్తాయి, కళ్లు ఉన్నంతే ఉంటాయి. ఫోన్‌లో ఫిల్టర్ వేసినట్టుంటుంది తప్ప కార్టూన్ కాదు.

అలాగని 1కి దింపితే మొహాలన్నీ ఒకేలా తయారవుతాయి. నా ఉద్దేశంలో లాంబ్డాను 10 దగ్గరే వదిలేసి అసలు చిక్కు ఎక్కడుందో వెతకడం మేలు. ముఖాల విషయంలో చిక్కు ఆకారంలో ఉంది. అనిమే కన్ను మనిషి కన్నుకు రెండు మూడింతలుంటుంది, గడ్డం సన్నగా దిగుతుంది. ఉన్నచోటే ఉంచడానికి అలవాటుపడ్డ కట్టడానికి ఇది బరువైన పని. కుక్కను పిల్లి చేయబోతే దాదాపు ఏమీ మారలేదని సైకిల్‌గ్యాన్ రాసినవాళ్లే తమ పేపర్‌లో చూపించారు. తర్వాత వచ్చిన యూ-గ్యాట్-ఇట్‌లో ఎక్కడ ఎక్కువ మార్చాలో చెప్పే అటెన్షన్ భాగాన్ని చేర్చింది ఇందుకే. ముఖాలు కాక వీధులు, చెట్లు, ఆకాశం మార్చేవారికి ఈ బాధ తక్కువ. అక్కడ ఆకారాలు అలాగే ఉండి రంగూ గీతా మారితే చాలు.

"ఏ బొమ్మలైనా ఫర్వాలేదు, ఎక్కువుంటే చాలు"

మనవాళ్లకు సహజంగా వచ్చే కోరిక, తమ సెల్ఫీ బాపు బొమ్మలా కావాలని. పాత పత్రికలు స్కాన్ చేసి రెండు మూడు వేల బొమ్మలు పోగేశారనుకుందాం. వాటిలో ఎక్కువ తెల్లకాగితం మీది నల్లగీతలు. సెల్ఫీల వెనక వంటిల్లు, బస్సు, కిటికీ. ఈ రెండు గుట్టలకూ మొదట కనపడే తేడా తెలుపే. డిస్క్రిమినేటర్ దాన్నే పట్టుకుంటుంది. `G_A` కూడా ముందు వెనకదంతా తెల్లగా తుడిచేయడం నేర్చుకుంటుంది. ఆ వంటింటిని `G_B` తిరిగి తేవాలి కనుక దాచిపెట్టే పని ఇక్కడ తారస్థాయికి చేరుతుంది. గీత ఒంపు నేర్చుకునే వంతు చివరికెప్పుడో వస్తుంది. అసలు రాకపోనూవచ్చు.

ఇలాంటప్పుడు బొమ్మలు పెంచి లాభం లేదు. మీరు నేర్పదలుచుకున్న తేడా తప్ప రెండు గుట్టల మధ్య ఇంకే తేడా లేకుండా చూసుకోవాలి. సెల్ఫీల్లో వెనకభాగాన్ని ముందే కత్తిరించి తెలుపు చేయండి. తల ఎంత పెద్దగా కనిపిస్తోందో, ఎటు తిరిగి ఉందో రెండు వైపులా దాదాపు ఒకే పాళ్లలో ఉంచండి. జత కుదర్చడం వేరు, పాళ్లు కుదర్చడం వేరు. మొదటిది దండగ, రెండోది ఈ పనికి ప్రాణం.

యూ-గ్యాట్-ఇట్ వాళ్లు విడుదల చేసిన సెల్ఫీ-అనిమే డేటా చూడండి. ట్రెయినింగ్‌కు రెండు వైపులా 3,400 చొప్పున ఉన్నాయి, అన్నీ ఆడవాళ్ల ముఖాలే. రెండు వైపులా పాళ్లు కలిశాయి కాబట్టి ఆ పరిధిలో ఫలితం బాగుంటుంది. దాంతో ట్రెయిన్ చేసిన నెట్‌వర్క్‌కు మీసం, గడ్డం ఉన్న మగవాడి ఫోటో ఇస్తే దాని దగ్గర జవాబు ఉండదు. గడ్డాన్ని నీడగానో, మెడ మీద పడ్డ జుట్టుగానో గీస్తుంది. ఆ గుట్టలో గడ్డమున్న బొమ్మ ఒక్కటీ లేనప్పుడు, గడ్డం గీస్తే డిస్క్రిమినేటర్ అది నకిలీ అని పట్టేస్తుంది. దీనికి ఏ ఆప్షనూ మార్చనక్కర్లేదు. రెండు గుట్టల్లోనూ గడ్డాలున్నవాళ్లను ఒకే పాళ్లలో కలిపి మళ్లీ మొదటి ఎపాక్ నుంచి నడపాలి. మొదట కొన్నాళ్లు గడ్డం చోట బూడిదరంగు మరకే వస్తుంది. ఐదేసి ఎపాక్‌లకు ఒకసారి అవే ఇరవై టెస్ట్ ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ మరక ఎప్పుడు గీతలుగా విడిపోతోందో లాస్ అంకెల కంటే ముందు కంటికే తెలుస్తుంది.